పట్టా ఒకరి పేరున, మిల్కియత్ ఎందరిది?

ఉర్దూ మీడియంలో చదివిన వాణ్ణి కదా, పాత కాగితాలు చదివి పెట్టమని చాలామంది నా దగ్గరికి వస్తుంటారు. మొన్న ఒక ఖాలా పహాణీ నకలు తెచ్చింది. "బేటా, అబ్బా పోయాక ఎనిమిదెకరాల పట్టా భాయ్‌జాన్ పేరుకి మారింది. కాగితంలో మా పేర్లు లేవు కాబట్టి మాకు హక్ లేదంటున్నాడు. నిజమేనా?"

నిజం కాదు. ఎందుకో తెలియాలంటే నిజాం జమానాకు వెళ్లాలి.

హైదరాబాద్ రియాసత్‌లో 1317 ఫస్లీ, అంటే 1907 నాటి మాల్‌గుజారీ కానూన్ పట్టాదార్ అంటే ఎవరో చెప్పింది. సర్కారుకు శిస్తు కట్టే జిమ్మేదారీ నేరుగా ఎవరి మీద ఉందో, ఎవరి పేరు ఆ మేరకు దఫ్తర్‌లో ఎక్కిందో అతనే పట్టాదార్. హుకూమత్‌కు కావలసింది శిస్తు వసూలుకు ఒక పేరు. భూమికి మాలిక్ ఎవరో తేల్చడం ఆ రిజిస్టర్ పని కాదు.

అదే కానూన్‌లో ఇంకో మాట ఉంది: శిక్మీదార్. ఫార్సీలో శికమ్ అంటే కడుపు. పట్టాదార్ పేరు కడుపులో దాగిన హక్‌దార్ అన్నమాట. పట్టాదార్ లాగే భూమి మీద హక్కు ఉన్నవాడూ, మొదటి నుంచీ అతనితో కలిసి కబ్జాలో ఉన్నవాడూ శిక్మీదారే. అంటే పట్టా ఒకరి పేరున ఉన్నా హక్‌దార్లు వేరే ఉండొచ్చని ఆ కానూనే ఒప్పుకుంది.

ఇప్పుడు ఖాలా హిసాబ్ చూద్దాం. అబ్బా వెనుక అమ్మీ, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. కర్జులు, వసీయత్ ఏమీ లేవు. అమ్మీకి ఎనిమిదో వంతు, ఒక ఎకరం. మిగిలిన ఏడెకరాల్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక్కో పాలు. భాయ్‌జాన్‌కు మూడున్నర ఎకరాలు, ఒక్కో చెల్లెలికి ఎకరం 30 గుంటలు. ఈ వాటాలు అబ్బా కన్నుమూసిన క్షణానే వాళ్లవైపోయాయి. పట్టా మార్పిడి వాటిని ఇవ్వలేదు, తీసుకోనూ లేదు. భాయ్‌జాన్ మొత్తం ఎనిమిదెకరాలూ అమ్మేసి రిజిస్ట్రీ చేయించినా, కొన్నవాడికి దక్కేది ఆయన వాటానే.

2014లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ కాకాగూడ భూమి కేసులో ఇదే ఉసూల్ చెప్పింది. అక్కడ దావా వేసిన హౌసింగ్ సొసైటీ సేత్వార్, పహాణీ లాంటి రెవెన్యూ రికార్డులను నమ్ముకుంది. వాటికి సాక్ష్యంగా విలువ ఉన్నా, అవి మాత్రమే మిల్కియత్ ఇవ్వవని చెప్పి కోర్టు దావా కొట్టేసింది.

అలాగని పట్టా ఉత్త కాగితం కాదు. తప్పని సుబూత్ అయ్యేదాకా అందులో రాసింది సరైనదే అనుకుంటారు. ఆ సుబూత్ చూపాల్సింది ఖాలాయే: అబ్బాకు ఆ భూమి ఎలా వచ్చిందో చెప్పే దస్తావేజు, వారసులు ఎవరో చెప్పే కాగితం. ఇంకో ఖత్రా కూడా ఉంది. "మీకు వాటా లేదు" అని భాయ్‌జాన్ బాహాటంగా చెప్పి, ఒంటరిగా కబ్జాలో పన్నెండేళ్లు గడిపేస్తే, ఆ కబ్జానే హక్కుగా వాదించొచ్చు.

"ఆయన ఆ మాట ఎప్పుడన్నాడు ఖాలా?" అని అడిగాను.

"పోయిన రంజాన్‌లో."

అయితే వక్త్ ఉంది. తఖ్సీమ్ దావా వేయమని చెప్పాను.