సగటు రోజులూ ఆలస్యపు రోజులూ: రబ్బర్ రోల్స్ నిల్వ లెక్కపై ఒక పరిశీలన

రైస్ మిల్లులో వడ్ల పొట్టు ఒలిచేది రెండు రబ్బర్ రోల్స్. ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతూ గింజను మధ్యలో నలిపి ఊక విడదీస్తాయి. రబ్బరు అరిగిపోగానే జత మార్చాలి. కొత్త జత లేకపోతే ఆ యంత్రం ఆగుతుంది, దాని వెనక లైనంతా ఆగుతుంది. మిర్యాలగూడలాగా మిల్లులు గుంపుగా ఉన్న ఊళ్లలో స్పేర్ పార్టుల దుకాణాలు ఈ రోల్స్‌ను బయటి తయారీదారుల నుంచి తెప్పించి అమ్ముతాయి. ఎన్ని తెప్పించాలి, ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే వర్క్‌షీట్ ఎక్కడ తప్పుతుందో అలాంటి ఒక దుకాణం లెక్కతో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. కింది అంకెలు ఏ ఒక్క దుకాణానివీ కావు, లెక్క నడక కనిపించేలా కూర్చినవి.

దుకాణం ఏడాదికి 300 రోజులు తెరిచి 1,200 జతలు అమ్ముతుంది, అంటే సగటున రోజుకు 4. జత కొనుగోలు ధర ₹2,000. ఒక ఆర్డర్ పెట్టి సరుకు దింపుకునేదాకా అయ్యే స్థిర ఖర్చు ₹1,200. పార్సిల్ లారీ కనీస ఛార్జీ, హమాలీ, లెక్కబెట్టి బిల్లుతో సరిచూసే మనిషి సమయం అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక జతను ఏడాది పాటు నిల్వ ఉంచితే ధరలో 20 శాతం, అంటే ₹400 ఖర్చు. బ్యాంకు వడ్డీ ఇందులో పెద్ద భాగం. మిగతాది గోడౌన్ అద్దె, రబ్బరు గట్టిపడటం వల్ల జరిగే నష్టం.

ఆర్డర్ పరిమాణానికి సూత్రాన్ని ఫోర్డ్ హారిస్ 1913లో అమెరికా పత్రిక ‘ఫాక్టరీ’లో ప్రకటించాడు. 1934లో విల్సన్ రాసిన వ్యాసంతో అది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. వర్క్‌షీట్‌లో B1 ఏడాది అమ్మకం, B2 ఆర్డర్ ఖర్చు, B3 నిల్వ ఖర్చు అనుకుంటే:

```
=SQRT(2*B1*B2/B3)
```

జవాబు 84.85. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఆ పరిమాణంలో ఆర్డర్, నిల్వ ఖర్చులు రెండూ కలిపి ఏడాదికి సుమారు ₹33,941. పెట్టెకు పది జతల చొప్పున వస్తాయి కాబట్టి 80 తెప్పిస్తే ₹34,000. ఏకంగా 120 తెప్పించినా ₹36,000. ఖర్చు రేఖ అడుగు భాగం చాలా చదునుగా ఉంటుంది కనుక ఆర్డర్ ఖర్చు ₹1,200 అవునా ₹1,400 అవునా అని రోజంతా వాదించుకున్నా నిర్ణయం దాదాపు మారదు. ఈ గడి మీద పెట్టే శ్రద్ధలో సగం కింది గడుల మీద పెడితే దుకాణానికి ఎక్కువ మేలు.

కింది గడులంటే లీడ్ టైమ్‌వి. ఆర్డర్ చెప్పిన రోజు నుంచి సరుకు లెక్కబెట్టి అలమారలో పెట్టిన రోజు దాకా పట్టే కాలం అది. చాలామంది తయారీదారు బిల్లు తేదీ నుంచి లెక్క మొదలుపెడతారు. సరుకు తయారుగా లేక అతని దగ్గర నిలిచిన నాలుగు రోజులు అప్పుడు లెక్కలోకే రావు. అమ్మకాల వరుసలోనూ ఇలాంటి లోపమే ఉంటుంది. సరుకు లేని రోజు చిట్టాలో సున్నా పడుతుంది, నిజానికి ఆ రోజు ముగ్గురు వచ్చి తిరిగి వెళ్లి ఉండవచ్చు. అలాంటి రోజులను సగటులోంచి తీసేయాలి, లేదా తిరిగి వెళ్లినవాళ్ల అవసరాన్ని పక్కన ఒక వరుసలో రాసుకోవాలి.

మన దుకాణంలో గత పది ఆర్డర్లకు పట్టిన పనిదినాలు ఇవి: 6, 7, 6, 8, 7, 18, 6, 7, 21, 14. సగటు సరిగ్గా 10. STDEV.S ఇచ్చే ప్రామాణిక విచలనం 5.58 రోజులు. రోజువారీ అమ్మకపు ప్రామాణిక విచలనం 3 జతలు. ఇక వంద ఆర్డర్లలో 95 సార్లు, కొత్త సరుకు చేరేలోపు పాతది అయిపోకూడదన్నది లక్ష్యం. దానికి గుణకం NORM.S.INV(0.95) నుంచి వచ్చే 1.645. B4 రోజు సగటు అమ్మకం, B5 దాని విచలనం, B6 సగటు లీడ్ టైమ్, B7 దాని విచలనం, B8 గుణకం అయితే సేఫ్టీ స్టాక్ ఇలా వస్తుంది:

```
=ROUNDUP(B8*SQRT(B6*B5^2+B4^2*B7^2),0)
```

మూలం లోపల రెండు ముక్కలున్నాయి. మొదటిది గిరాకీ ఊగిసలాటది: 10 × 9 = 90. రెండోది సరుకు రాకడలోని ఊగిసలాటది: 16 × 31.11 = 497.8. రెండూ కలిపి వర్గమూలం తీసి గుణకంతో హెచ్చిస్తే 39.88, అంటే 40 జతలు. పది రోజుల సగటు అమ్మకం 40 కూడా కలిపితే, చేతిలో సరుకు 80 జతలకు దిగినప్పుడు కొత్త ఆర్డర్ పెట్టాలి.

ఆ రెండు ముక్కల పరిమాణం చూడండి. మొత్తం ఊగిసలాటలో సుమారు 85 శాతం సరుకు రాకడది. అయినా వాడుకలో కనిపించే షీట్లలో ఎక్కువగా తప్పిపోయేది ఈ రెండో ముక్కే. లీడ్ టైమ్ అంటే ‘పది రోజులు’ అని ఒక్క అంకె వేసేస్తారు. అప్పుడు మొదటి ముక్కతోనే లెక్క తేలి సేఫ్టీ స్టాక్ 16 జతలని చూపుతుంది. సూత్రం తప్పు కాదు, షీట్ ఎక్కడా ఎర్రగా మారదు. లారీ ఆలస్యమైన ప్రతిసారీ దుకాణంలో మాత్రం సరుకు ఉండదు.

ఇంకో పరీక్ష చేద్దాం. గిరాకీ అంచనాను ఎంతో కష్టపడి మెరుగుపరిచి విచలనాన్ని 3 నుంచి 1.5కి దించామనుకుందాం. సేఫ్టీ స్టాక్ 40 నుంచి 38కి తగ్గుతుంది, అంతే. అదే, సరఫరాదారుతోనూ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుతోనూ మాట్లాడి రాకడ విచలనాన్ని 5.58 నుంచి 2.79కి దించితే సేఫ్టీ స్టాక్ 25 అవుతుంది. పదిహేను జతలు, అంటే ₹30,000 పెట్టుబడి అలమారలోంచి బయటికొస్తుంది. సగటు పది రోజులూ పదిగానే ఉన్నా సరే. వేగంగా పంపమని అడగడం కంటే చెప్పిన రోజుకు పంపమని అడగడం ఈ దుకాణానికి ఎక్కువ లాభమని ఆ రెండో ముక్క తేటగా చెబుతోంది.

ఇంత చేసినా 40 అన్న అంకెను అలాగే నమ్మకూడదు. 1.645 గుణకం వెనక ఒక ఊహ ఉంది: లీడ్ టైమ్ కాలంలో అమ్మే జతల సంఖ్య సగటుకు అటూ ఇటూ సమంగా, గంట ఆకారంలో పరుచుకుంటుందని. పైన రాసిన పది అంకెలను మళ్లీ చదవండి. ఏడు సార్లు 6 నుంచి 8 రోజులు, మూడు సార్లు 14 నుంచి 21. పది రోజులన్నది ఒక్కసారి కూడా పట్టలేదు. సరుకు నేరుగా వస్తే వారం, మధ్యలో ఎక్కడైనా దిగి మరో లారీ ఎక్కితే రెండు మూడు వారాలు. ఇవి రెండు వేర్వేరు దారులు. వాటి సగటు ఏ దారికీ చెందని అంకె.

కాబట్టి ఒక్కో లీడ్ టైమ్‌కు విడిగా లెక్కించాలి. 21 రోజులు పడితే ఆ కాలంలో సగటు అమ్మకం 84, విచలనం 3√21, అంటే 13.75. 80 జతలతో మొదలైన దుకాణంలో అప్పుడు సరుకు అయిపోయే అవకాశం సుమారు 61 శాతం. 18 రోజులు పడితే 26 శాతం, 14 రోజులకు రెండు శాతం లోపు. మిగతా ఏడు సార్లూ దాదాపు సున్నా. అన్నీ కూడి పదితో భాగిస్తే 9 శాతం. షీట్ 95 అని రాసిచ్చిన భద్రత నిజానికి 91. ఏడాదికి 80 చొప్పున పదిహేను ఆర్డర్లు పెట్టే దుకాణంలో ఒకసారికి పైగా సరుకు అయిపోతుందన్నమాట. ఇదే పద్ధతిలో వెనక్కి లెక్కిస్తే, నిజంగా 95 కావాలంటే ఆర్డర్ పెట్టే మట్టం 88 ఉండాలి. పది ఆర్డర్లు చిన్న నమూనా, ఇంకొక్క ఆలస్యం చేరినా ఈ అంకె కదులుతుంది. అందుకే ప్రతి ఆర్డర్ తేదీ, చేరిన తేదీ పక్కపక్కన రాసుకుంటూ పోవాలి. సగం సరుకే వస్తే దాన్ని విడి వరుసగా రాయాలి.

అన్నిటికంటే పెద్ద లోపం ‘రోజుకు 4’ అన్న అంకెలోనే దాగి ఉంది. వానాకాలం వడ్లు వచ్చాక, యాసంగి వడ్లు వచ్చాక మిల్లులు రాత్రింబవళ్లు ఆడతాయి. మధ్య నెలల్లో చప్పబడతాయి. ఆ ఏడాదిని విడదీసి చూస్తే సీజన్ 120 రోజుల్లో రోజుకు 7 జతలు, మిగతా 180 రోజుల్లో రోజుకు 2. కలిపితే 840, 360, మొత్తం అవే 1,200. కానీ రోజుకు సగటున నాలుగు అమ్మిన కాలమంటూ ఏదీ లేదు. పైగా, పైన వాడిన విచలనం 3లో ఎక్కువ భాగం సీజన్ తేడానే. అది ముందే తెలిసిన మార్పు, దాన్ని అనిశ్చితి కింద జమ కట్టకూడదు. సీజన్లో రోజువారీ విచలనం 2, బయట 1.5 మాత్రమే.

అందుకని ఒకే సరుకుకు షీట్‌లో రెండు వరుసలు కావాలి. సీజన్ వరుసలో ఆర్డర్ పరిమాణం 112, సేఫ్టీ స్టాక్ 66, ఆర్డర్ పెట్టే మట్టం 136. సీజన్ కాని వరుసలో ఆర్డర్ పరిమాణం 60, సేఫ్టీ స్టాక్ 20, మట్టం 40. ఏడాదంతా 80 అని ఒక్క గీత గీసుకున్న దుకాణం సీజన్లో 56 జతలు తక్కువతో, మిగతా కాలంలో 40 జతలు ఎక్కువతో నడుస్తోంది. పై మూడు ఆలస్యాలూ సీజన్లోనే జరిగి ఉంటే 136 కూడా చాలదు. ఎందుకంటే ఈ సూత్రం గిరాకీకీ ఆలస్యానికీ సంబంధం లేదనుకుంటుంది. మిల్లులన్నీ ఒకేసారి రోల్స్ అడిగేది, తయారీదారు దగ్గర ఆర్డర్లు పేరుకునేది, లారీ దొరకనిది ఒకే నెలల్లో కాబట్టి సీజన్ లీడ్ టైమ్‌లను విడిగా రాసుకోవడం ఈ సరుకుకు తప్పనిసరి.

వరుసలు రెండయ్యాక, ఒకదాని నుంచి మరోదానికి మారే తేదీ కూడా షీట్‌లో ఉండాలి. మిల్లులు మొదలయ్యే రోజున మారితే ఆలస్యమైపోతుంది. పట్టగల అతి ఎక్కువ లీడ్ టైమ్ 21 పనిదినాలు కనుక అన్ని రోజులు ముందుగానే సీజన్ వరుసకు మారాలి. సీజన్ చివర దీనికి రెండో వైపు ఉంది. ఇంకా సీజన్ వరుసే నడుస్తుండగా మిల్లులు ఆగిపోయాయనుకోండి. చేతిలో 136, దారిలో 112, కలిపి 248 జతలు మిగులుతాయి. రోజుకు రెండు చొప్పున అవి అమ్ముడుపోవడానికి 124 పనిదినాలు, అంటే ఐదు నెలలు. అందులో వేసవి పడితే రేకుల గోడౌన్లో ఆ రబ్బరు గట్టిపడుతుంది. గట్టిపడ్డ రోల్ గింజను సరిగా పట్టదు, పొట్టు సరిగా ఒలవదు, నూక పెరుగుతుంది. మిల్లు మేస్త్రి మళ్లీ ఆ దుకాణం గడప తొక్కడు. సీజన్ ముగియడానికి ఇంకా నెల ఉందనగా కింది వరుసకు మారి, ఆ నెలలో వచ్చే ఆర్డర్లను మాత్రం మిగిలిన మిల్లు రోజులు లెక్కబెట్టి చేత్తో పెట్టుకోవడమే ఈ సరుకుకు సరిపడే పద్ధతి.