హుండీ నుంచి ఎల్‌సీ దాకా: సూరత్ వర్తకంలో నాలుగు శతాబ్దాల నమ్మకం

తాపీ నది ఒడ్డున సూరత్ మొగలుల ప్రధాన రేవుగా వెలిగిన పదిహేడో శతాబ్దంలోనైనా, ఉధ్నా, సచిన్ ప్రాంతాల్లో మరమగ్గాలు రాత్రింబవళ్లు నడుస్తున్న ఈ రోజుల్లోనైనా, సరుకు పంపేవాడి భయం ఒక్కటే. ఓడ కదిలాక డబ్బు చేతికొస్తుందా అని. కొనేవాడి భయం దీనికి తలకిందులు. ముందే డబ్బు కడితే సరుకు వస్తుందా అని. ఒకరి ముఖం ఒకరు చూడని ఈ ఇద్దరి మధ్య ఎవరో ఒకరు పూచీ నిలబడాలి. ఆ పూచీ ఎవరిది, దేన్ని చూసి ఆయన డబ్బిస్తాడు అన్న రెండు ప్రశ్నలు పట్టుకుని వెనక్కి చూస్తే లెటర్ ఆఫ్ క్రెడిట్, వర్తకుల మాటలో ఎల్‌సీ, ఏం చేస్తుందో, ఏం చేయదో తేటపడుతుంది.

1613లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ సూరత్‌లో గిడ్డంగి తెరిచేనాటికే ఇక్కడ పూచీదారులు సరాఫులు. కంపెనీ సైతం వీర్జీ వోరా వంటి షావుకారు దగ్గర అప్పు చేసి సరుకు కొనేది. నూలు బట్టలు, నీలిమందు కొనడానికి ఊరూరా వెండి మోసుకెళ్లనక్కర్లేదు, సూరత్‌లో చెల్లే హుండీ రాస్తే సరిపోయేది. గోల్కొండ వజ్రాల కోసం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఏ ఊరి నుంచి సూరత్ మీద హుండీ రాస్తే ఎంత వటం పడుతుందో తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు.

ఆ హుండీల్లో ఒక రకం మన కథకు ముఖ్యం. దాని పేరు జోఖమీ హుండీ. ఓడ సరుకుతో క్షేమంగా రేవు చేరితేనే ఆ హుండీ చెల్లుతుంది. ఓడ మునిగితే హుండీ కూడా మునిగినట్టే. ముందుగా డబ్బిచ్చి దాన్ని కొన్నవాడు నష్టం భరించాలి. అందుకే వటం ఎక్కువ పట్టేవాడు. అంటే అప్పు, బీమా ఒకే కాగితంలో ఇమిడాయి. కాకపోతే డబ్బు ఓడ రాకకు ముడిపడి ఉంది, పూచీ సరాఫు పేరుకు ముడిపడి ఉంది. ఆ పేరు తెలిసిన వర్తకుల వలయం దాటితే హుండీకి బలం తగ్గేది. 1664లోనూ 1670లోనూ శివాజీ దాడులు, ఆపై మొగల్ పాలన సన్నగిల్లడం, బొంబాయి ఎదగడం, ఇవన్నీ కలిసి ఓడలనూ షావుకార్లనూ దక్షిణానికి లాగాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో పూచీ లండన్ బ్యాంకుల చేతికి వెళ్లింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. 1870లో బొంబాయికీ లండన్‌కూ మధ్య సముద్రగర్భ తంతి పడింది. ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ ఎవరి చేతిలో ఉంటే సరుకు వారిదే అన్న ఆచారం అప్పటికే స్థిరపడింది. కాబట్టి బ్యాంకు సరుకు ముట్టుకోకుండానే, ఆ కాగితం పట్టుకుని, సరుకు మీద డబ్బివ్వగలిగింది. కానీ మన దేశంలోని ప్రెసిడెన్సీ బ్యాంకులకు విదేశీ మారకం వ్యాపారం చేసే అధికారం లేదు. ఆ పని చార్టర్డ్ బ్యాంకు వంటి ఎక్స్ఛేంజి బ్యాంకులదే. ఇక్కడి ఎగుమతిదారుకు పూచీ ఎక్కడో లండన్‌లో ఉండేది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఎల్‌సీ లోకమంతా పాకింది. 1920లో ధరలు కుప్పకూలేసరికి దాని అసలు స్వభావం బయటపడింది. ఎక్కువ ధరకు ఒప్పుకున్న కొనుగోలుదారులకు సరుకు వద్దయింది. కాగితాల్లో తప్పులు వెతికి డబ్బు ఆపించడం మొదలైంది. కోర్టుల్లో ఎల్‌సీ దావాలు పెరిగాయి. బ్యాంకుకో పద్ధతి, దేశానికో ఆనవాయితీ ఉంటే లాభం లేదని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1933లో ఉమ్మడి నియమావళి తెచ్చింది. ఎన్నోసార్లు సవరించాక 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్నది యూసీపీ 600. దాని ప్రాణం రెండు మాటల్లో ఉంది. ఎల్‌సీ వేరు, అమ్మకపు ఒప్పందం వేరు. బ్యాంకు చూసేది కాగితాలను, సరుకును కాదు.

ఈ సూత్రం ఎంత కఠినమైనదో మన తీరపు సరుకే చూపించింది. 1940లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నూనె మిల్లు కోసం, మద్రాసు నుంచి సుమారు 1,400 టన్నుల కోరమాండల్ వేరుసెనగ పంపే వ్యాపారానికి లండన్‌లోని హాంబ్రోస్ బ్యాంకు ఎల్‌సీ ఇచ్చింది. టన్ను 12 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు, మొత్తం సుమారు 16,975 పౌండ్లు. ఏప్రిల్ 9న జర్మనీ సేనలు డెన్మార్క్‌లో దిగాయి. అమ్మిన రేనర్ కంపెనీ కాగితాలు పెట్టింది. ఇన్వాయిస్‌లో ‘కోరమాండల్ వేరుసెనగ’ అనే ఉంది. బిల్ ఆఫ్ లేడింగ్‌లో మాత్రం ‘యంత్రంతో ఒలిచిన వేరుసెనగ పప్పు’ అని రాసి, అంచున పొడి అక్షరాలు వేశారు. రెండూ ఒకటేనని ఆ వర్తకంలో అందరికీ తెలుసు. బ్యాంకు డబ్బివ్వనంది. కింది కోర్టు రేనర్ పక్షాన నిలిచినా అప్పీలు కోర్టు బ్యాంకుదే న్యాయమంది. వేల రకాల సరుకుల వాడుక మాటలు బ్యాంకువాడికి తెలియాల్సిన పనిలేదని తేల్చింది. ఇప్పటి యూసీపీ ఇక్కడ కొంత మెత్తబడింది. సరుకు వర్ణన ఇన్వాయిస్‌లో ఎల్‌సీతో సరిపోవాలి. మిగతా కాగితాల్లో అయితే దానికి విరుద్ధం కాకుండా సాధారణ మాటల్లో ఉన్నా చాలు.

మరి కాగితాలు సక్రమంగా ఉండి పెట్టెల్లో చెత్త ఉంటే? 1941లో న్యూయార్క్ కోర్టు ముందుకు వచ్చిన దావా ఇదే. లక్నో కంపెనీ ఒకటి పంది వెంట్రుకల పేరుతో 50 పెట్టెల్లో ఆవు వెంట్రుకలూ చెత్తా నింపి పంపిందని కొనుగోలుదారు ఆరోపణ. ఆ ఆరోపణే నిజమనుకుంటే, మోసం సంగతి చెల్లింపుకు ముందే బ్యాంకు చెవిన పడినప్పుడు, అమ్మినవాడి తరఫున డబ్బు అడగడానికి వచ్చినవారికి ఎల్‌సీ రక్ష కాదని కోర్టు అంది. ఇది మోసానికే వర్తించే మినహాయింపు. సరుకు కాస్త నాసిగా ఉందనో, ధర పడిపోయిందనో అంటే పనికిరాదు.

ఇక నేటి సూరత్‌కు వద్దాం. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు మగ్గాలపై పనిచేసే ఊరిది. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. దుబాయి వర్తకుడు 50,000 మీటర్ల పాలియెస్టర్ బట్టకు, మీటరు 1.20 డాలర్ల చొప్పున, బీమా, ఓడ కిరాయి కలిపి 60,000 డాలర్లకు బేరమాడాడు. తన బ్యాంకులో మార్జిన్ కట్టి ఎల్‌సీ తెరిపించాడు. అది MT 700 సందేశంగా సూరత్ బ్యాంకుకు చేరింది. 44C గడిలో సరుకు ఓడెక్కాల్సిన ఆఖరి తేదీ ఆగస్టు 10. 46A గడిలో కావలసిన కాగితాల జాబితా. 48 గడిలో ఓడెక్కిన 15 రోజుల్లోపు కాగితాలు పెట్టాలని. 44E గడిలో రేవు పేరు నవా షేవా.

ఎగుమతిదారు లాభం ఇక్కడే మొదలవుతుంది. ఆయనకు మాటిచ్చింది కొనుగోలుదారు కాదు, బ్యాంకు. ఎల్‌సీ చూపి నూలు కొనడానికి తన బ్యాంకులో ప్యాకింగ్ క్రెడిట్ తీసుకోవచ్చు. అవతలి బ్యాంకు మీదో, దేశం మీదో నమ్మకం చాలకపోతే ఇంకో బ్యాంకు చేత కన్ఫర్మేషన్ వేయించుకోవచ్చు. దాని రుసుము ఆ దేశపు ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. కానీ హజీరా రేవు దగ్గర కదా అని సరుకు అక్కడ ఎక్కించాడా, కాగితం తప్పిపోతుంది. ‘ఏ భారతీయ రేవైనా’ అని ముందే సవరణ అడగాలి. బట్ట 49,000 మీటర్లే తయారైతే భయం లేదు. మీటర్లలో రాసిన పరిమాణానికి ఎల్‌సీ నిషేధించకపోతే 5 శాతం హెచ్చుతగ్గులు చెల్లుతాయి, 58,800 డాలర్ల బిల్లు రాసుకోవచ్చు. బీమా, వేరే అంకె చెప్పకపోతే, సరుకు విలువకు కనీసం 110 శాతం, అంటే పూర్తి సరుకుకు 66,000 డాలర్లకు ఉండాలి.

కాగితాలు అందాక బ్యాంకుకు పరీక్షకు గరిష్ఠం అయిదు బ్యాంకు పనిదినాలు. తప్పు దొరికితే ఆ గడువులోగా తప్పులన్నీ ఒకేసారి చెప్పి తిరస్కరించాలి. ఆ క్షణం నుంచి పరిస్థితి మారిపోతుంది. డబ్బు బ్యాంకు మాట మీద కాక కొనుగోలుదారు దయ మీద ఆధారపడుతుంది. బజారు బాగుంటే ఆయన ఒప్పుకుంటాడు, బ్యాంకు రుసుము కోసుకుని డబ్బిస్తుంది. బజారు పడిపోతే ధర తగ్గించమంటాడు. 1920 నాటి తంతే ఇది. ఇంకా ప్రమాదకరం ‘కొనుగోలుదారు సంతకం చేసిన తనిఖీ పత్రం’ అడిగే షరతు. ఆయన సంతకం పెట్టకపోతే మీ కాగితాలు ఎప్పటికీ పూర్తికావు. అలాంటి ఎల్‌సీ ఉన్నా లేనట్టే.

ఇప్పుడు దిగుమతిదారు వైపు. చైనా నుంచి వాటర్ జెట్ మగ్గాలు తెప్పించుకునే సూరత్ నేతదారుకు 180 రోజుల గడువు ఎల్‌సీ వల్ల యంత్రం ఆడించి సంపాదిస్తూ బాకీ తీర్చే వీలుంటుంది. ఓడెక్కిన రుజువు లేనిదే డబ్బు కదలదన్న ధీమా కూడా ఉంటుంది. మగ్గం సరిగ్గా ఆడకపోతే మాత్రం ఎల్‌సీ ఆగదు. ఫరక్కా కాలువ పనికి సోవియట్ యంత్రాలు తెప్పించిన మద్రాసు సంస్థ తారాపూర్, యంత్రాలు సరిగా లేవంటూ చెల్లింపు ఆపమని కోరినా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందం మీద తగువు వేరుగా తేల్చుకోవాలంది. కాబట్టి నాణ్యతకు రక్ష కావాలంటే దాన్ని కాగితంగా మార్చాలి. స్వతంత్ర సంస్థ ఇచ్చే తనిఖీ పత్రం 46Aలో చేర్చాలి. మొత్తంలో కొంత భాగాన్ని మగ్గాలు బిగించి ఆడించాకే చెల్లేలా రాయించుకోవాలి.

సూరత్‌లో వజ్రాల వర్తకం ఇప్పటికీ చాలావరకు నమ్మకం మీద, జాంగడ్ చీటీల మీద నడుస్తోంది. నమ్మకం ఉన్నచోట ఎల్‌సీ ఖర్చు దండగే. అయితే పూచీ ఎలా ఉండకూడదో కూడా ఆ వర్తకమే చూపింది. ముంబయి పంజాబ్ నేషనల్ బ్యాంకు శాఖలో వజ్రాల వర్తకుల కోసం లెక్కల్లో చేర్చకుండా స్విఫ్ట్‌లో పంపిన లెటర్స్ ఆఫ్ అండర్‌టేకింగ్ కుంభకోణం బయటపడ్డాక, 2018 మార్చి 13న రిజర్వ్ బ్యాంకు ఆ పత్రాలను దిగుమతుల కోసం నిషేధించింది. ఎల్‌సీలను మాత్రం షరతులకు లోబడి కొనసాగనిచ్చింది.

సరాఫు కాలంలో పూచీ మనిషి పేరు మీద, ఓడ రాక మీద ఉండేది. ఇప్పుడది బ్యాంకు పేరు మీద, కాగితాల మీద ఉంది. ఈ మార్పుతో సముద్రపు భయం చాలావరకు తగ్గింది కానీ, ఎల్‌సీని సరిగా చదవనివాడికి కొత్త భయం పుట్టింది. ఎగుమతిదారులకు చెప్పేదొకటే. మగ్గానికి నూలు ఎక్కించకముందే 44C, 44E, 46A, 48 గడులు చదివి, చేయలేనిది ఒక్కటున్నా ఆ రోజే సవరణ అడగండి. దిగుమతిదారులు అదే 46Aలో తమకు కావలసిన రుజువు ఉందో లేదో దరఖాస్తు మీద సంతకానికి ముందే చూసుకోవాలి. ఓడ కదిలాక ఎల్‌సీలో లేని రక్షణను ఏ బ్యాంకూ ఇవ్వదు.