తేనెటీగల పెంపకం: పరికరాలు, కాలానుగుణ సామగ్రి

తేనెటీగల పెంపకం పరికరాలు అంటే ఈగలకు గూడు కల్పించడానికి, పట్టును చెదరగొట్టకుండా తనిఖీ చేయడానికి, పూత లేని రోజుల్లో మేత అందించడానికి వాడే సామగ్రి.

కదిలే చట్రాల పెట్టెకు 1852లో అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ పేటెంట్ పొందాడు. చట్రాల మధ్య సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు ఉంచడమే దాని కీలకం. సందు ఇంకా ఇరుకైతే ఈగలు దాన్ని జిగురుతో పూడుస్తాయి. వెడల్పైతే అదనపు పట్టు కడతాయి. రెండు సందర్భాల్లోనూ చట్రం తేలికగా పైకి రాదు. కింది గదిలో పిల్లలు పెరుగుతాయి, పైగదిలో తేనె చేరుతుంది.

పొగడబ్బాలో కొబ్బరి పీచు, పాత గోనెసంచి ముక్కలు కాలుస్తారు. పొగ చల్లగా, తెల్లగా రావాలి. నిప్పురవ్వలు వస్తే ఈగల రెక్కలు కాలతాయి. పనివారు లేతరంగు దుస్తులు, వలముసుగు, చేతి తొడుగులు ధరిస్తారు.

పూత రాకముందే ఖాళీ చట్రాలు, మైనపు పలకలు సిద్ధం చేస్తారు. పూత లేనప్పుడు కిలో చక్కెరను లీటరు నీటిలో కరిగించి, సాయంత్రం పెట్టె లోపలే ఉంచుతారు. ఉదాహరణకు 10 పెట్టెలకు వారానికి అర కిలో చొప్పున 4 వారాలకు 20 కిలోల చక్కెర అవసరం. పాకం బయట ఒలికితే ఇతర పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. ద్వారం వద్ద కొట్లాట దాని గుర్తు. తేనె గది పెట్టెపై ఉండగా పాకం ఇవ్వరు. ఇస్తే అది తేనెలో కలుస్తుంది.