టెలికాం నెట్‌వర్కు ఫిర్యాదుల పరిష్కార విధానం

టెలికాం నెట్‌వర్కు ఫిర్యాదుల పరిష్కార విధానం అనగా భారతదేశంలో సంకేతం అందకపోవడం, మాటల మధ్యలో కాల్ తెగిపోవడం వంటి ఇబ్బందులపై వినియోగదారుడు తన సేవాసంస్థ వద్ద ఫిర్యాదు చేసి, పరిష్కారం లభించనప్పుడు పైమెట్టుకు తీసుకొనిపోయే పద్ధతి. దీనిని భారత టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) నిబంధనల ద్వారా నిర్ణయించింది.

నోడల్ అధికారి వ్యవస్థ

2007లో ట్రాయ్ చేసిన నిబంధనలలో మూడు మెట్లు ఉండేవి. మొదట కాల్ సెంటరు, తరువాత నోడల్ అధికారి, చివరకు అప్పీలు అధికారి. 2012 జనవరిలో వచ్చిన నిబంధనలు నడిమి మెట్టును తొలగించి, ఫిర్యాదు కేంద్రం, అప్పీలు అధికారి అనే రెండు మెట్లను మాత్రమే ఉంచాయి. అయినను "నోడల్ అధికారికి వ్రాయండి" అనే పాత సలహా నేటికీ వినిపిస్తూనే ఉన్నది. నేడు ఆ స్థానంలో వ్రాయవలసినది అప్పీలు అధికారికి.

మొదటి మెట్టు: ఫిర్యాదు కేంద్రం

ఫిర్యాదుకు ముందు లోపం ఎక్కడున్నదో తేల్చుకొనడం మంచిది. అదే సిమ్‌ను వేరొక ఫోనులో వేసి చూడాలి; అదే సంస్థకు చెందిన మరొకరి ఫోనును అదే చోట పరీక్షించాలి. రెండూ విఫలమైతే లోపం నెట్‌వర్కుదే అనుకొనవచ్చును. ఒక్క ఫోనులోనే ఇబ్బంది ఉంటే ఫిర్యాదు నిలువదు.

ఆపై 198 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఇది ఉచితం. సంస్థ ఇచ్చే డాకెట్ సంఖ్య, అది వచ్చిన తేదీ తప్పక భద్రపరచుకొనవలెను; అప్పీలుకు ఇదే ఆధారం. సేవల నాణ్యతా నిబంధనలలో ప్రత్యేక గడువు లేని ఫిర్యాదులను 3 రోజులలో పరిష్కరించాలి. 121 సంఖ్య సమాచారం కొరకు ఉద్దేశించినది. అక్కడ సిబ్బందితో మాట్లాడి, డాకెట్ సంఖ్య తీసుకొనకుండా ఊరుకున్నవారికి తరువాత అప్పీలు చేయుటకు ఆధారం ఉండదు.

రెండవ మెట్టు: అప్పీలు

గడువులో పరిష్కారం కాకున్నా, చెప్పిన పరిష్కారం తృప్తినివ్వకున్నా 30 రోజులలోగా అప్పీలు చేయవచ్చును. రుసుము లేదు. అప్పీలు అధికారి సంస్థకు చెందినవాడే. అయితే ఆయనకు సలహానిచ్చే ఇద్దరు సభ్యుల సంఘంలో ఒకరు ట్రాయ్ వద్ద నమోదైన వినియోగదారుల సంఘానికి చెందినవారై ఉంటారు. అప్పీలును 39 రోజులలో తేల్చాలి. ఒక్కొక్క సేవాప్రాంతానికి సంబంధించిన అప్పీలు అధికారి చిరునామా tccms.trai.gov.in లో లభిస్తుంది. తెలంగాణవాసులు కూడా అక్కడ 'ఆంధ్రప్రదేశ్' క్రిందనే వెదకవలెను, ఎందుకనగా లైసెన్సు లెక్కలో రెండు రాష్ట్రాలూ కలిసి నేటికీ ఒకే సేవాప్రాంతం.

ఉదాహరణకు, ప్రకాశం జిల్లాలోని ఒక గ్రామంలో ప్రీపెయిడ్ వినియోగదారుడు ఇంటిలో కాల్స్ తెగిపోతున్నవని జూన్ 1న ఫిర్యాదు చేశాడనుకొందాం. జూన్ 3న "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని సందేశం వచ్చినది, కాని కాల్స్ తెగుట ఆగలేదు. ఇటువంటి మూసివేత చాలా మామూలు. ఆ వినియోగదారుడు వారంపాటు కాల్ తెగిన ప్రతి సమయాన్నీ, స్థలాన్నీ వ్రాసి ఉంచి, జూన్ 10న డాకెట్ సంఖ్యతో పాటు ఆ పట్టికను జతచేసి అప్పీలు పంపితే, జూలై 19 నాటికి నిర్ణయం రావలెను. సంస్థ తన వెబ్‌సైటులో ప్రచురించే కవరేజి పటంలో ఆ గ్రామం సేవ ఉన్నట్లు చూపబడి ఉంటే, ఆ పటపు చిత్రం పట్టికకు మంచి తోడు. "నెట్‌వర్కు బాగులేదు" అనే ఒక్క వాక్యానికి సంస్థ అంతే పొడిగా జవాబిస్తుంది.

ట్రాయ్ పాత్ర

ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు. ఆ సంస్థకు పంపిన లేఖ సేవాసంస్థకే చేరవేయబడుతుంది. 2000 సంవత్సరపు సవరణతో తగవులు తీర్చే అధికారం టెలికాం వివాదాల ట్రిబ్యునలుకు వెళ్ళినది. అక్కడ కూడా వినియోగదారుల సమూహం రావచ్చును గాని ఒక్క వినియోగదారుడు కాదు. ట్రాయ్ పని నాణ్యతా ప్రమాణాలను నిర్ణయించి, వాటిని పాటించని సంస్థలపై చర్య తీసుకొనుట.

అప్పీలు తరువాత

అప్పీలు ఫలించకపోతే రెండు దారులున్నవి. మొదటిది కేంద్ర టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం; pgportal.gov.in ద్వారా వ్రాయవచ్చును. డాకెట్ సంఖ్య, అప్పీలు సంఖ్య అక్కడ పేర్కొనాలి. రెండవది జిల్లా వినియోగదారుల కమిషను. పాత టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఇట్టి తగవులు మధ్యవర్తిత్వానికే పోవాలని 2009లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పగా, పలు ఫోరములు టెలిఫోను కేసులను తిప్పిపంపాయి. 2022 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం వేరొక కేసులో ఈ అడ్డంకి లేదని తేల్చినది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాది తాను నివసించే జిల్లాలోనే, కారణం ఏర్పడిన 2 సంవత్సరాలలోగా కేసు వేయవచ్చును. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు.