మెరిసే రేకుకే చెమట

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ప్లాంట్ రూమ్. ఆగస్టు నెల. చిల్లర్ నుంచి బయల్దేరే 4 అంగుళాల చిల్డ్ వాటర్ పైపు కింద ఆపరేటర్ నాలుగు బకెట్లు వరసగా పెట్టాడు. పైపులో నీరు 7 డిగ్రీలు. దాని మీద 25 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు తొడుగు. మనుషులు తిరిగే దారి పక్కన దెబ్బలు తగలకుండా రబ్బరు మీద అల్యూమినియం రేకు చుట్టారు. గోడ వైపు మిగిలిన భాగాన్ని డబ్బు కలిసొస్తుందని నల్ల రబ్బరుతోనే వదిలేశారు.

"పైపు లీకవుతోంది సార్" అన్నాడు ఆపరేటర్. ముందు ఆ మాట తేలాలి. బకెట్లో నీటికి టీడీఎస్ మీటర్ పెడితే అంకె దాదాపు సున్నా దగ్గరే ఆగింది. లైన్లోని నీటికి మందులు కలుపుతారు కాబట్టి దాని అంకె వందల్లో ఉంది. అంటే ఇది పైపులోని నీరు కాదు, గదిలోని గాలి నుంచి దిగిన నీరు.

తర్వాత అందరి వేలూ ఇన్సులేషన్ వేసిన మేస్త్రీ వైపు తిరిగింది. అతుకులు సరిగ్గా అంటలేదేమో, తేమ లోపలికి దూరిందేమో. నిజంగా దూరితే లోపల పైపు తడిగా ఉండాలి, రబ్బరు బరువెక్కాలి. బాగా కారుతున్న చోట రేకు విప్పి, రబ్బరు కోసి చూశాం. లోపల పొడిగా, శుభ్రంగా ఉంది. పాపం, మేస్త్రీ తప్పేమీ లేదు. నీరు పుడుతున్నది పైనే, రేకు ఒంటి మీదే.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. అదే పైపు, అదే 25 మిల్లీమీటర్ల రబ్బరు, అదే గది. నల్లగా వదిలేసిన భాగం కింద చుక్క లేదు. ఖర్చు పెట్టి రేకు చుట్టిన భాగమే కారుతోంది.

గది గాలి కొలిచాం. పొడి థర్మామీటరు 32, తడి గుడ్డ చుట్టినది 29కి కాస్త తక్కువ. అంటే తేమ సుమారు 80 శాతం, డ్యూ పాయింట్ 28 డిగ్రీలు. ఏ ఉపరితలమైనా అంతకన్నా చల్లబడితే దాని మీద నీరు పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రేకును కొలిస్తే 31 చూపించింది. 31 డిగ్రీల రేకు ఎలా చెమర్చుతుంది? మమ్మల్ని రెండు రోజులు తిప్పింది ఆ అంకే. మెరిసే లోహం అద్దం లాంటిది. గన్ చదువుతున్నది రేకును కాదు, అందులో ప్రతిఫలిస్తున్న వేడి గోడలను. రేకు తుడిచి, దాని మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి, పదినిమిషాలాగి ఆ టేపును కొలిస్తే 27. నల్ల రబ్బరు మీద 29.

ఆ రెండు డిగ్రీల తేడాలోనే జవాబుంది. తొడుగు పైభాగానికి వెచ్చదనం రెండు దారుల్లో వస్తుంది: తాకే గాలి నుంచి, చుట్టూ ఉన్న గోడల నుంచి వచ్చే వికిరణం ద్వారా. నల్ల రబ్బరు ఆ వికిరణాన్ని పీల్చుకుంటుంది. రేకు వెనక్కి తిప్పికొడుతుంది. లెక్కల్లో దీన్ని చదరపు మీటరుకు, డిగ్రీకి నల్లదానికి సుమారు 9 వాట్లుగా, మెరిసేదానికి 5గా తీసుకుంటాం. గది నుంచి అందే వెచ్చదనం తగ్గిన రేకు లోపలి చల్లదనానికి లొంగిపోతుంది.

మందం ఎంచుకున్నవాళ్లు 70 శాతం తేమకు, నల్ల ఉపరితలానికి లెక్క వేసి ఉంటారు. ఆ లెక్కకు 13 మిల్లీమీటర్లే చాలు, 25 అంటే ధారాళం. కానీ వర్షాకాలం విశాఖకు 85 శాతం పెట్టుకోవాలి. అప్పుడు డ్యూ పాయింట్ 29.2, గది గాలికీ దానికీ మధ్య మిగిలే జాగా మూడు డిగ్రీల లోపే. నల్ల రబ్బరుకే 27 మిల్లీమీటర్లు కావాలి. రేకు కింద అయితే 44. అతుకు మీద అతుకు పడకుండా 25 మీద ఇంకో 25 వేయించాం. ఆ లెక్కన రేకు 29.6 దగ్గర నిలుస్తుంది, అంటే మార్జిన్ అర డిగ్రీ కూడా లేదు. రేకుకు మ్యాట్ పెయింటు కూడా వేయించమన్నది అందుకే. తేమ 95 శాతానికి చేరితే మెరిసే రేకు కింద 115 మిల్లీమీటర్లు దాటాలి. అంత రబ్బరు ఎవరూ చుట్టరు. అందుకే గదిలో తేమ పెరగకుండా పంపు గ్లాండుల కారుడు ఆపించి, మూత లేని సంపు మూయించాం.

మరుసటి ఆగస్టులో వెళ్తే బకెట్లలో మూడు కనిపించలేదు. నాలుగోది ఒక హ్యాంగరు కింద ఉంది. అక్కడ ఇనుప క్లాంపు పైపును నేరుగా పట్టుకుని ఉంది. రెండో పొర దూరే చోటు లేక వదిలేశారట. గట్టి పఫ్ దిమ్మ పెట్టి, క్లాంపును దాని పైకి మార్చాక ఆ బకెట్ కూడా తీసేశారు.