సోలార్ ప్యానెళ్లు: గాలికి ఎగరకూడదన్నా, స్లాబ్ కారకూడదన్నా.. కాలి దగ్గరే చూడాలి!

డాబా మీద సోలార్ పెట్టించుకునే వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండే. ప్యానెల్ ఎంత? సబ్సిడీ ఎంత? పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సిస్టమ్‌కు రూ.78 వేల వరకు కేంద్రం సబ్సిడీ ఇస్తోంది. కానీ ఆ ప్యానెళ్లను పాతికేళ్లు పట్టుకుని నిలబడాల్సింది కింద ఉండే ఇనుప స్ట్రక్చర్. అది స్లాబ్‌కు ఎలా బిగించారన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. తుపాను వచ్చినప్పుడో, తొలి వానకు సీలింగ్ మీద తడి మచ్చ కనిపించినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది.

గాలి నెట్టడమే కాదు, ఎత్తేస్తుంది

ప్యానెళ్ల బరువు స్లాబ్‌కు పెద్ద లెక్క కాదు. అసలు సమస్య గాలి. ఏటవాలుగా ఉన్న ప్యానెల్ వెనక నుంచి గాలి దూరితే, గొడుగును ఎత్తినట్టు పైకి లేపుతుంది. దేశంలో గాలి లెక్కలకు ఐఎస్ 875 మూడో భాగం అనే ప్రమాణం ఉంది. అందులో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుకు 50 మీటర్ల వేగాన్ని ప్రాథమికంగా తీసుకోవాలని ఉంది. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో తీరం దాటినప్పుడు ఈ స్థాయి గాలి ఎలా ఉంటుందో ఆ నగరం చూసింది.

వేగాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుపై పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 50 మీటర్ల వేగానికి అది 1,500 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు సుమారు 153 కిలోలు. 44 మీటర్లకు 118 కిలోలే. వేగంలో తేడా ఆరు మీటర్లే అయినా ఒత్తిడి 30 శాతం వరకు పెరిగిపోతుంది. అందుకే హైదరాబాద్‌లో సరిపోయిన స్ట్రక్చర్ విశాఖలోనూ సరిపోతుందని అనుకోవడానికి లేదు.

విశాఖలో ఒక డాబా.. లెక్క ఇదీ

విశాఖలో 3 కిలోవాట్ల సిస్టమ్ అనుకుందాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. వాటి మొత్తం విస్తీర్ణం దాదాపు 15.5 చదరపు మీటర్లు. పూర్తి ఒత్తిడి కింది నుంచి పైకి పనిచేస్తే లేపే బలం సుమారు 2,370 కిలోలు. ప్యానెళ్లు, స్ట్రక్చర్ కలిపి 300 కిలోల బరువు ఉంటాయనుకుంటే, అది తీసేయగా ఇంకా 2,070 కిలోలు మిగులుతుంది. స్ట్రక్చర్‌కు ఆరు కాళ్లుంటే ఒక్కో కాలికి 345 కిలోలు.

ఇప్పుడు చాలా ఇళ్ల మీద కనిపించే సిమెంట్ దిమ్మెను చూద్దాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న దిమ్మె బరువు 65 నుంచి 70 కిలోలు. స్లాబ్‌తో పట్టు లేకుండా ఊరికే పైన పోసిన దిమ్మె అయితే గాలిని ఆపేది ఆ బరువు ఒక్కటే. కావాల్సింది 345, ఉన్నది 70. బరువుతోనే ఆపాలంటే ఒక్కో దిమ్మె అన్ని వైపులా దాదాపు అడుగు తొమ్మిది అంగుళాలు ఉండాలి. ఆరు దిమ్మెలకు రెండు టన్నులు దాటుతుంది. అంత బరువు పాత స్లాబ్ మీద పెట్టాలంటే ముందు ఇంజినీర్ చూడాల్సిందే.

ఇది ఉజ్జాయింపు లెక్క. వాలు ఎంత, బిల్డింగ్ ఎత్తెంత, ప్యానెళ్లు డాబా అంచుకు ఎంత దగ్గరున్నాయన్న దాన్ని బట్టి అసలు అంకె మారుతుంది. అంచుల దగ్గరున్న కాళ్లపై లోడు ఎక్కువ పడుతుంది. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ఏడెనిమిది అడుగుల ఎత్తులో కట్టే స్ట్రక్చర్లకు ఇంకో చిక్కుంది. పక్క నుంచి తోసే గాలికి కాలు అడుగున వంపు బలం బాగా పెరుగుతుంది. అడ్డంగా ఏటవాలు బ్రేసింగ్ లేకపోతే ముందు దెబ్బతినేది అక్కడే.

స్లాబ్‌లో బిగించేది ఇలా

మరి దారేంటి? దిమ్మెను స్లాబ్‌తో కలిపేయడం. దిమ్మె వచ్చే చోట పైనున్న టైల్స్, చిప్స్ లేదా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ తీసేసి అసలు కాంక్రీట్ కనిపించే దాకా చెక్కాలి. పై పొరలో బిగించిన బోల్టుకు పట్టుండదు. తర్వాత స్లాబ్‌లో రంధ్రాలు వేసి, కెమికల్ యాంకర్ నింపి ఇనుప చువ్వలు దించాలి. ఇళ్ల స్లాబ్ మామూలుగా ఐదారు అంగుళాల మందమే. కాబట్టి డ్రిల్లు అవతలికి దూసుకుపోకుండా లోతు గుర్తు పెట్టుకుని ఆపాలి.

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. రంధ్రంలోని పొడిని బ్రష్‌తో గీకి, పంపుతో ఊది, మళ్లీ గీకి ఊదాలి. పొడి ఉండిపోతే కెమికల్ కాంక్రీట్‌కు కాకుండా ఆ దుమ్ముకు అంటుకుంటుంది. చూడ్డానికి గట్టిగానే కనిపిస్తుంది, లాగితే ఊడొస్తుంది. కెమికల్ ట్యూబ్ మీద రాసిన టైమ్ అయ్యేదాకా చువ్వను కదిలించకూడదు.

ఆ చువ్వల చుట్టూ దిమ్మె పోసి, అందులోనే కాలి బోల్టులు నిలబెట్టాలి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. బోల్టు ఉన్న చోటు డాబా మీద నిలిచే నీటికి పైన ఉంటుంది. ఇక మిగిలింది దిమ్మె, స్లాబ్ కలిసే గీత ఒక్కటే. అక్కడ చుట్టూ సిమెంట్‌తో వాలు అంచు కట్టి, ఆరిన తర్వాత చెక్కిన చోటంతా కలుపుకుని వాటర్‌ప్రూఫ్ కోటింగ్‌ను దిమ్మె పక్కల పైదాకా ఎక్కించాలి. దిమ్మెలు నీళ్లు పైపు వైపు వెళ్లే దారికి అడ్డం రాకూడదు.

రేకుల మీద అయితే?

ఇనుప రేకు లోడు మోయదు, కింద ఉన్న పర్లిన్ మోస్తుంది. అందుకే స్క్రూ రేకును దాటి పర్లిన్‌లో దిగాలి. అదీ రేకు ఎత్తు మీదే, నీళ్లు పారే పల్లంలో కాదు. స్క్రూకు ఈపీడీఎం రబ్బరు వాషర్ ఉండాలి. బిగించాక రబ్బరు అంచు కొద్దిగా కనిపిస్తే సరిపోయినట్టు. బాగా ఉబ్బి బయటికి వచ్చేస్తే ఎక్కువ బిగించినట్టు, ఎండకు త్వరగా పగులుతుంది. వాషర్ తిరుగుతుంటే వదులుగా ఉన్నట్టు.

సిమెంట్ రేకుల సంగతి వేరు. అవి పెళుసు, కాలు పెడితేనే పగలొచ్చు. పాత వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, డ్రిల్ చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. వీటికి రంధ్రాలు వేయకుండా, గోడల మీద నుంచో నేల నుంచో విడిగా స్తంభాలు లేపి స్ట్రక్చర్ కట్టించుకోవడమే మేలు.

డబ్బు మొత్తం ఇచ్చే ముందు..

నీటి పరీక్ష చేయించాలి. డాబా పైపు మూసి, దిమ్మెల అడుగు మునిగేలా రెండు మూడు అంగుళాల నీళ్లు 48 గంటలు నిల్వ ఉంచి కింద సీలింగ్ చూడాలి. మచ్చ సరిగ్గా దిమ్మె కిందే రావాలని లేదు. నీరు స్లాబ్ లోపల పక్కకు నడిచి ఇంకోచోట దిగొచ్చు. రేకులకైతే పైన పైపుతో నీళ్లు కొట్టి, కింద స్క్రూ మొనల దగ్గర చుక్కలు చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత ఏటా వానాకాలానికి ముందు ఓసారి నట్లు వదులయ్యాయేమో, కోసిన చోట్లా వెల్డింగ్ చేసిన చోట్లా తుప్పు మొదలైందేమో చూడాలి. గాల్వనైజ్డ్ ఇనుమైనా కోసిన అంచున పూత పోతుంది, అక్కడ జింక్ పెయింట్ వేయాలి. దిమ్మె చుట్టూ వెంట్రుకంత బీట కనిపించినా, తుపాను సీజన్ వచ్చేదాకా ఆగకుండా వెంటనే బాగుచేయించుకోవాలి.