ఉపశీర్షికల పంక్తి విభజన

చలనచిత్రంలోని సంభాషణను తెర అడుగున చూపే ఉపశీర్షికను, అంటే సబ్‌టైటిల్‌ను, పదబంధం ముగిసే చోట రెండు పంక్తులుగా విడగొట్టడాన్ని పంక్తి విభజన అంటారు. మూకీ చిత్రాల్లో మాటలకు విడి పలకలు ఉండేవి కనుక స్థలానికి కొరత లేదు. టాకీలు వచ్చాక అక్షరాలు బొమ్మ మీదికే చేరడంతో, అవి కొన్ని సెకన్లలోనే చదివి ముగించవలసినవయ్యాయి.

ఈ పద్ధతికి కట్టుదిట్టమైన రూపం బ్రిటిష్ టెలిటెక్స్ట్ కాలంలో ఏర్పడింది. 1974లో సీఫాక్స్ సేవను ఆరంభించిన బీబీసీ, 1979లో ఆ మార్గంలోనే బధిర ప్రేక్షకులకు ఉపశీర్షికలను అందించసాగింది. టెలిటెక్స్ట్ పంక్తిలో 40 గడులే ఉండేవి. రంగునూ నల్లని నేపథ్యాన్నీ సూచించే సంకేతాలు వాటిలోనే కొన్నింటిని ఆక్రమించేవి కనుక, వాక్యాన్ని ఎక్కడో ఒకచోట తుంచక తప్పేది కాదు. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బేకర్, ఆండ్రూ లాంబోర్న్ తదితరులు చేసిన శ్రద్ధాపూర్వకమైన కృషి ఈ తుంచడానికి నియమాలను సమకూర్చింది. యాన్ ఇవార్సన్, మేరీ కరోల్ 1998లో వెలువరించిన నియమావళి ప్రతి పంక్తీ అర్థవంతమైన ఖండంగా ఉండాలనీ, పంక్తులు అసమానమైనప్పుడు బొమ్మ మరుగున పడకుండా పై పంక్తిని పొట్టిగా ఉంచడం మేలనీ చెప్పింది.

ఇంగ్లీషులో విభక్తి స్థానంలోని పదాలు నామవాచకానికి ముందు వస్తాయి కనుక విరుపును వాటికి ముందే ఉంచుతారు. తెలుగులో విభక్తి నామం తరువాత వస్తుంది కనుక విరుపు దాని తరువాతే పడాలి. అలాగే నామాన్ని దాని ముందున్న ‘మా’ వంటి పదం నుంచి విడదీయకూడదు. ఒక వాక్యాన్ని ఇలా విరిచారనుకుంటే:

ఊరి నుంచి నిన్న వచ్చిన మా
మేనమామ రేపు వెళ్లిపోతానంటున్నాడు

‘మా’ దగ్గర చూపు ఆగి, ఎవరన్నది తెలియక కిందికి వెతుక్కుంటుంది. ‘మేనమామ’ను పైకి తెస్తే కర్త అంతా ఒక పంక్తిలో, అతని మాట మరో పంక్తిలో కుదురుతాయి. అప్పుడు పై పంక్తే పొడవవుతుంది. అయినా ఇలాంటి చోట అర్థానికే పెద్దపీట వేయడం సరైన పద్ధతి.

ఈ నియమాల ఫలితంపై పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. ఎలీసా పెరేగో బృందం 2010లో కంటి కదలికలను కొలిచి, చెడ్డ విరుపులు అవగాహనను చెప్పుకోదగినంతగా దెబ్బతీయలేదని తేల్చింది. 2018లో ఒలీవియా గెర్బెర్-మోరోన్, అగ్నియెష్కా షార్కోవ్‌స్కా జరిపిన అధ్యయనంలో మాత్రం ప్రేక్షకులు పదబంధాలను చీల్చని పంక్తులనే ఎక్కువగా ఇష్టపడ్డారు.

తెలుగులో మరొక చిక్కు లెక్కలో ఉంది. పంక్తి పొడవును కంప్యూటర్ యూనికోడ్ సంకేతాలతో కొలిస్తే, కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ ఆరుగా లెక్కకు వస్తుంది. అందువల్ల తెరపై ఇంకా చోటున్నా పంక్తి నిండిపోయినట్లు తేలి, విరుపు పదబంధం నడుమకు జరుగుతుంది.